రాతప్రతి ముందు ఎవరి చేతికి వెళ్లాలి?

1957లో అమెరికాలోని లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థకు హార్పర్ లీ అనే కొత్త రచయిత్రి తన నవల ఇచ్చింది. పేరు ‘గో సెట్ ఎ వాచ్‌మన్’. జీన్ లూయీస్ అనే 26 ఏళ్ల యువతి న్యూయార్క్ నుంచి అలబామాలోని సొంత ఊరికి వస్తుంది. తాను దేవుడిలా కొలిచిన తండ్రి, నల్లవారికి సమాన హక్కులు వద్దనేవాళ్ల సభలో కూర్చుని ఉండటం చూసి తట్టుకోలేకపోతుంది. కథ ఇది. మధ్యమధ్యలో ఆమెకు చిన్ననాటి సంగతులు గుర్తుకొస్తుంటాయి.

ఎడిటర్ టే హోహాఫ్‌కు ఆ రాతలో సత్తా కనిపించింది. కానీ అది నవలగా కుదరలేదనీ, విడివిడి సంఘటనల వరుసలా ఉందనీ అనిపించింది. ప్రాణమంతా ఆ చిన్ననాటి జ్ఞాపకాల్లోనే ఉంది. అక్కడి నుంచి రెండేళ్లకు పైగా ఇద్దరూ ఆ ప్రతితో కుస్తీ పట్టారు. 1960లో బయటికి వచ్చినది ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. పెద్దయిన జీన్ లూయీస్ గురించి వేరెవరో చెప్పే కథ కాస్తా, చిన్నపిల్ల స్కౌట్‌గా ఆమె తన నోట తానే చెప్పే కథ అయింది. మొదటి ప్రతిలో నల్లజాతి యువకుడి మీద నడిచిన కేసు కొద్ది మాటల్లో ముగుస్తుంది, అతను నిర్దోషిగా విడుదలవుతాడు. కొత్త నవలకు ఆ విచారణే వెన్నెముక, అందులో అతనికి శిక్ష పడుతుంది.

డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అనేది ఈ పని. కథ ఎవరు చెప్పాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఏ అధ్యాయం అక్కర్లేదు, ఏది ఇంకా రాయాల్సి ఉంది అన్న ప్రశ్నలే ఇక్కడ ఉంటాయి. ఎడిటర్ సాధారణంగా వాక్యాలు దిద్దరు. ప్రతి మొత్తం చదివి, తనకు అనిపించింది కొన్ని పేజీల ఉత్తరంగా రాస్తారు. తిరగరాయాల్సింది రచయితే. అందుకే దీనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి హార్పర్ లీకి పట్టినట్టు ఏళ్లు పడుతుంది.

2015లో ఆ పాత ప్రతి కూడా పుస్తకంగా వచ్చింది. ఈసారి దానికి జరిగింది పైపైన కాపీ ఎడిటింగ్ మాత్రమే. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మొదటి దశ ఏం చేయగలదో, తర్వాతి దశలు ఏం చేయలేవో తెలుస్తుంది. 1957లోనే ఆ ప్రతిని నేరుగా కాపీ ఎడిటర్‌కు ఇచ్చి ఉంటే, తప్పుల్లేని ‘వాచ్‌మన్’ వచ్చేది. ‘మాకింగ్‌బర్డ్’ మాత్రం వచ్చేది కాదు.

తెలుగులో ఈ మొదటి దశే చాలా పుస్తకాలకు దక్కడం లేదు. రాతప్రతి రచయిత చేతి నుంచి నేరుగా డీటీపీకి వెళ్తుంది. ఆ తర్వాత ఎవరైనా అధ్యాయాలు మార్చమంటే, అప్పటికే పేజీలు కట్టేశారు కదా అన్న మాట అడ్డొస్తుంది.

రెండో దశ ఎందుకు రెండోదో చూడటానికి ఒక తెలుగు నవలను ఊహించుకుందాం. దివిసీమలో ఒక కుటుంబం కథ. మొదటి అరవై పేజీలూ మూడు తరాల వంశ చరిత్ర. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తొమ్మిదో అధ్యాయంలో గానీ రాదు. మొదటి ఎడిటర్ వంశ చరిత్ర తీసేయమని, ఉప్పెన రాత్రితోనే నవల మొదలెట్టమని చెప్పారు. రచయిత్రి ఒప్పుకుని తిరగరాసింది. కథ నిలబడింది. కానీ కత్తిరింపుతో కొత్త తప్పులు పుట్టాయి. తాతయ్యను పరిచయం చేసిన పేజీలు పోయాయి, కాబట్టి నాలుగో అధ్యాయంలో ఆయన ఎవరో తెలియకుండానే వచ్చి మంచం మీద కూర్చుంటాడు. ఈ కొత్త తప్పులను పట్టడం కాపీ ఎడిటర్ వంతు. ఈ దశ ముందే జరిగి ఉంటే, తీసేసిన అరవై పేజీల మీద పెట్టిన శ్రమ వృథా అయ్యేది, కొత్తగా పుట్టిన తప్పులు మిగిలిపోయేవి.

కాపీ ఎడిటర్ చదివేటప్పుడు పక్కన ఒక చిట్టా పెట్టుకుంటారు. దీన్ని స్టైల్ షీట్ అంటారు. ‘పెళ్లి’ అని రాయాలా ‘పెళ్ళి’ అనా, ‘చేశాడు’ అనా ‘చేసాడు’ అనా అన్నది అందులో ఒకసారి తేల్చుకుంటే పుస్తకమంతా అదే పద్ధతి. అందులోనే పాత్రల పేర్లు, వయసులు, తేదీలు కూడా ఎక్కుతాయి. మన నవలలో ఉప్పెన నాటికి నాయికకు 12 ఏళ్లు. తర్వాత ఒకచోట 1983లో పదహారేళ్లకు పెళ్లయిందని ఉంది. చిట్టా చూస్తే లెక్క కుదరదు, అప్పటికి ఆమెకు సుమారు పద్దెనిమిది ఉండాలి. అలాగని కాపీ ఎడిటర్ తానే పదహారును పద్దెనిమిది చేసేయకూడదు. 1978 చట్ట సవరణతో ఆడపిల్ల పెళ్లి వయసు 18 అయింది. పదహారేళ్లకే పెళ్లి చేశారంటే అది చట్టాన్ని కాదని చేసిన పెళ్లి, రచయిత్రి ఉద్దేశం అదే కావచ్చు. అప్పుడు మార్చాల్సింది సంవత్సరం. అందుకని మార్జిన్‌లో ప్రశ్న రాసి పంపుతారు, జవాబు వచ్చాకే దిద్దుతారు. అలాగే పాత్ర నోట ‘ఒస్తన్నా’ అని ఉంటే ‘వస్తున్నాను’ అని మార్చరు. కథనంలో మాత్రం భాష ఒకే తీరుగా ఉందో లేదో చూస్తారు. మంచి కాపీ ఎడిటర్‌ను నేను గుర్తుపట్టేది దిద్దుబాట్ల సంఖ్యతో కాదు, ఈ ప్రశ్నలతో.

ప్రశ్నలన్నీ తీరాకే ప్రతి డీటీపీకి వెళ్లాలి. ప్రూఫ్ రీడింగ్ మొదలయ్యేది పేజీలు కట్టిన తర్వాతే, ఎందుకంటే అది పట్టాల్సిన తప్పుల్లో చాలావరకు పేజీలు కట్టేటప్పుడే పుడతాయి. తెలుగులో ఇది మరీ నిజం. రచయితలు యూనికోడ్‌లో టైప్ చేస్తారు, చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లు వాడతాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు పోయి ఒత్తు వచ్చి చేరుతుంది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను కూర్చుకున్నవి కాబట్టి, మధ్యలో ఒక ఇంగ్లిష్ పేరు ఉంటే అది అర్థం లేని తెలుగు అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. అందుకే ప్రూఫ్‌ను ఒంటరిగా చదివితే చాలదు, కాపీ ఎడిట్ అయిన ప్రతిని పక్కన పెట్టుకుని పోల్చాలి. ఒక పేరా మొత్తం ఎగిరిపోయినా ముందూ వెనకా వాక్యాలు కలిసిపోతే, పోల్చకుండా ఎవరూ కనిపెట్టలేరు. పేజీ నంబర్లు, పేజీ పైన ఉండే అధ్యాయం పేర్లు, విషయసూచికలోని అంకెలు కూడా ఇక్కడే చూడాలి.

ప్రూఫ్ దశలో వాక్యం బాగాలేదని కొత్త పేరా రాసే అలవాటు చాలామంది రచయితలకు ఉంది. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, అచ్చులో చూస్తే సొంత వాక్యం కొత్తగా కనిపిస్తుంది. కానీ పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. పదహారు పేజీల ఫారం నిండిపోయి ఉంటే, ఒక్క పేరా చేర్చినా చివరి అధ్యాయం తర్వాతి ఫారంలోకి జారుతుంది, విషయసూచిక తప్పుతుంది. కొత్త పేరాను కాపీ ఎడిటర్ చూడలేదు కాబట్టి అందులో ‘పెళ్లి’ మళ్లీ ‘పెళ్ళి’ అవుతుంది. అంతకంటే పెద్ద లోపం, అంటే కథలోనే లోపం, ఇక్కడ కనిపిస్తే నా సలహా ఒకటే: అచ్చు ఆపి, ప్రతిని వెనక్కి పంపి, మూడు దశలూ మళ్లీ నడపండి. ఖర్చు ఎక్కువే అవుతుంది.

రెండో ప్రూఫ్‌లో మొత్తం మళ్లీ చదవలేకపోయినా, మొదటి ప్రూఫ్‌లో గుర్తుపెట్టిన దిద్దుబాట్లన్నీ పడ్డాయో లేదో, పడిన వరుసలో కొత్త తప్పు దొర్లిందో చూడాలి. అచ్చుకు పంపాక ఇంకొక పని మిగులుతుంది. ప్రూఫ్‌లో చేసిన దిద్దుబాట్లు డీటీపీ ఫైల్‌లోనే ఉంటాయి, రచయిత కంప్యూటర్‌లోని యూనికోడ్ ప్రతిలో ఉండవు. రేపు ఆ ప్రతి నుంచే ఈ-బుక్ చేస్తే, పట్టుకున్న తప్పులన్నీ తిరిగి పాఠకుడి ముందుకు వస్తాయి. దిద్దిన ప్రూఫ్ కాగితాలు పారేయకుండా ఉంచుకుని, వాటిలోని మార్పులను ఆ వారంలోనే యూనికోడ్ ప్రతిలోకి ఎక్కించుకోవాలి.