ఈ షాట్‌లో మీ పని ఎంత?

యానిమేషన్ కోర్సు పూర్తిచేసి జూనియర్ ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్ల రెజ్యూమెల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘గ్రూప్ ప్రాజెక్టు, 3 నిమిషాల లఘుచిత్రం. మోడలింగ్, రిగ్గింగ్, యానిమేషన్, లైటింగ్, కంపోజిటింగ్.’ ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ సినిమాకు ఇవన్నీ చేశారు. అయితే చదివే యానిమేషన్ లీడ్‌కు, వాటిలో మీరు చేసింది ఏదో తెలియదు. తెలియనప్పుడు ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోలేడు.

పై సినిమాకే ఐదుగురు పనిచేశారనుకుందాం. అందులో ఒకమ్మాయి త్రీడీ క్యారెక్టర్ యానిమేటర్ ఉద్యోగం కోసం చూస్తోంది. ఆమె తన షాట్లు లెక్కబెట్టుకుంటే తొమ్మిది తేలాయి, మొత్తం 42 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అది 1,008 ఫ్రేముల పని. పాత్రల రిగ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. లైటింగ్ వేరే స్నేహితుడు చేశాడు. ఇప్పుడు ఆమె వాక్యం ఇలా మారుతుంది: ‘లఘుచిత్రం, ఐదుగురి బృందం. నా పాత్ర: క్యారెక్టర్ యానిమేటర్. 9 షాట్లు (42 సెకన్లు), బ్లాకింగ్ నుంచి పాలిష్ వరకు. రెండు షాట్లలో సంభాషణ, ఒకదానిలో బరువు ఎత్తే చర్య.’ చేసిన పనుల జాబితా చిన్నదైంది. అయినా ఇప్పుడే ఆమె ఏం చేయగలదో తెలుస్తోంది. లైటింగ్ అన్న మాట తీసేస్తే తక్కువైపోతామని చాలామంది భయపడతారు. యానిమేటర్ ఉద్యోగానికి లైటింగ్ ఎవరూ అడగరు. అడిగితే ఏ లైటు ఎందుకు పెట్టారో చెప్పాల్సి వస్తుంది.

ఇదే వివరం షోరీల్‌తో పాటు షాట్‌ల వారీగా కూడా ఇవ్వాలి. దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ‘0:00–0:07: ముసలాయన సంచి ఎత్తే షాట్. యానిమేషన్ మొత్తం నాది. రిగ్: ఉచితంగా లభించేది. సాఫ్ట్‌వేర్: మాయా.’ ప్రతి షాట్‌కు ఇంత చాలు. రీల్ సుమారు ఒక నిమిషం ఉంటే సరిపోతుంది, అందులో అన్నింటికన్నా మంచి షాట్ ముందు రావాలి. మాయాలోంచి తీసిన ప్లేబ్లాస్ట్ పెట్టినా తప్పులేదు. యానిమేటర్‌ను ఎంచుకునేవాళ్లు రెండర్ మెరుపు చూడరు. సంచి లేచే ముందు నడుము వంగిందా, బరువు ఏ కాలి మీదికి మారింది, నేల మీద పాదం జారుతోందా అని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తారు. పాదం జారే షాట్ ఒక్కటి ఉన్నా అది తీసేసి రీల్‌ను 45 సెకన్లకు కుదించడమే మేలని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ల దగ్గర చాలామంది ఐదు నక్షత్రాలు, 90 శాతం నిండిన గీతలు పెడతారు. 90 శాతం మాయా అంటే ఏమిటో రాసినవాళ్లకూ తెలియదు. ‘మాయా: గ్రాఫ్ ఎడిటర్‌లో స్ప్లైన్ శుభ్రం చేయడం, కన్‌స్ట్రెయింట్లు, రెఫరెన్సింగ్’ అని రాస్తే మీతో ఏ పని మొదలుపెట్టించవచ్చో లీడ్‌కు అర్థమవుతుంది. రెండు వారాలు మాత్రమే తిరగేసిన సాఫ్ట్‌వేర్‌ను ‘ప్రాథమిక పరిచయం’ అని విడిగా రాయండి. చాలా స్టూడియోలు పరీక్షగా ఒక షాట్ చేయమంటాయి. ఎక్కువ చేసి రాసింది అక్కడ బయటపడిపోతుంది.

ఏ స్టూడియోకు పంపుతున్నారన్నదాన్ని బట్టి ఈ వరుసలు మారాలి. ఛోటా భీమ్ తీసిన హైదరాబాద్ గ్రీన్‌ గోల్డ్ వంటి చోట టూడీ ధారావాహిక పనికి దరఖాస్తు చేస్తూ, త్రీడీ డ్రాగన్‌తో రీల్ మొదలుపెడితే పని నచ్చినా పిలుపు రాకపోవచ్చు. టూడీ పనిని, డ్రాయింగ్‌ను ముందుకు తేవాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. పైన పేరు, కోరుకునే పాత్ర, ఫోను, మెయిల్, రీల్ లింకు. వెంటనే ప్రాజెక్టులు, తర్వాత సాఫ్ట్‌వేర్, చివర చదువు. తండ్రి పేరు, వివాహ స్థితి, ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న వాక్యం మనకు అలవాటుగా వచ్చేస్తాయి. వాటి చోటు ప్రాజెక్టులకు ఇవ్వండి. ఇంటర్న్‌షిప్‌లో చేసిన షాట్ విడుదల కాని సినిమాదైతే, అనుమతి లేకుండా రీల్‌లో పెట్టకూడదు. గోప్యత ఒప్పందం సంతకం చేసి ఉంటే ప్రాజెక్టు పేరు రాయవచ్చో లేదో కూడా అడిగి తెలుసుకోండి. పేరు రాయలేకపోతే ‘విడుదల కాని చిత్రం, యానిమేషన్ ఇంటర్న్’ అనవచ్చు.

ఫైలు పేరు `resume_final2.pdf` అని కాక `Firstname_Lastname_Animator.pdf` అని ఉంటే వందల ఫైళ్లలోనూ దొరుకుతుంది. మెయిల్‌లో ఐదారు వాక్యాలు చాలు: ఏ ఉద్యోగం, రీల్‌లో ఏ షాట్ చూడమంటున్నారు, అందులో మీ భాగం ఎంత, ఎప్పటి నుంచి చేరగలరు. పంపేముందు, మీ ఖాతాలో లాగిన్ కాని బ్రౌజర్‌లో రీల్ లింకు తెరిచి చూడండి. గూగుల్ డ్రైవ్‌లో అనుమతి ఇవ్వడం మరిచిపోతే అవతలివాళ్లకు ‘యాక్సెస్ కోరండి’ అనే పేజీ వస్తుంది. అక్కడ ఆగి అనుమతి అడిగేంత తీరిక, రోజూ రీళ్లు చూసేవాళ్లకు ఉండదు.