మీడియం అంటే ఎన్ని అంగుళాలు?

విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతలో బట్ట కొని, తెలిసిన దర్జీకి ఇచ్చి కుట్టించుకున్నంత కాలం మన ఇళ్లలో ‘మీడియం’ అనే మాటతో అంతగా పని ఉండేది కాదు. దర్జీ టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. నేడు గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా పండుగ దుస్తులను ఫోన్‌లోనే ఎంచుకుంటున్నాం. టేపు స్థానాన్ని ఒక్క అక్షరం ఆక్రమించింది.

ఆ అక్షరానికి అన్ని కంపెనీలూ పాటించే కొలత ఏదీ లేదు. తమ దుస్తులు కొనేవారి శరీరం ఎలా ఉంటుందో ప్రతి కంపెనీ తనకు తాను అంచనా వేసుకుంటుంది. అందుకే ఒకచోట మీడియం ఛాతీ 38 అంగుళాలుంటే, మరోచోట 40 ఉంటుంది. భారతీయులకు తగిన కొలతల పట్టికను రూపొందించేందుకే నిఫ్ట్ సంస్థ కేంద్ర జౌళి శాఖ మద్దతుతో ‘ఇండియా సైజ్’ సర్వే చేపట్టింది.

పట్టికలో అంకె కనిపించగానే సందేహం తీరిపోదు. అది శరీర కొలతా, కుట్టిన దుస్తుల కొలతా అన్నది చూడాలి. ఒక సోదరి ఛాతీ 36 అంగుళాలనుకుందాం. ఆమెకు వదులుగా ఉండే కమీజు కావాలి. అంటే దుస్తులు ఛాతీ వద్ద 40 అంగుళాలు ఉండాలి. పట్టికలో స్మాల్ 36, మీడియం 38, లార్జ్ 40 అని ఉంది. అవి దుస్తుల కొలతలైతే ఆమె లార్జ్ తీసుకోవాలి. శరీర కొలతలైతే, వదులును కంపెనీయే కలిపి కుడుతుంది కనుక, స్మాల్ సరిపోవచ్చు.

అబాయా సంగతి వేరు. 52, 54, 56 అనే అంకెలు సాధారణంగా భుజం నుంచి అంచు వరకు పొడవును అంగుళాలలో చెబుతాయి; ఛాతీని కాదు. 54 సరిపోయే వారికి 52 వస్తే చీలమండలు కనిపిస్తాయి. 56 వస్తే మెట్లపై కాలికి తగులుతుంది, స్కూటర్ చక్రంలో చిక్కుకునే ప్రమాదమూ ఉంది. రోజూ వేసుకునే చెప్పులు తొడుక్కుని నిలబడి, మెడ పక్కన భుజంపై టేపు ఉంచి, ఛాతీ మీదుగా చీలమండ దాకా మరొకరి చేత కొలిపించుకోవాలి. ఛాతీ, తుంటి, చేతి పొడవు విడిగా చూడాలి. కమీజుకు మోచేతి పై భాగం చుట్టుకొలత కూడా అవసరం. చాలామందికి బిగుసుకుపోయేది అక్కడే.

అన్నిటికన్నా నమ్మకమైన మార్గం మన బీరువాలోనే ఉంది. చక్కగా సరిపోయే పాత కమీజును నేలపై పరిచి, ఒక చంక నుంచి మరో చంక వరకు కొలవాలి. 20 అంగుళాలు వస్తే చుట్టుకొలత 40. ఈ అంకెను దుస్తుల కొలతల పట్టికతోనే పోల్చాలి. నూలు వస్త్రమైతే ఉతికాక కొంత కుదించుకుపోతుంది కనుక, పొడవులో ఒక అంగుళం ఎక్కువ ఉన్నదానినే ఎంచుకోవడం మేలు. పట్టిక ఏ కొలతలు ఇస్తున్నదో తేలకపోతే, అమ్మకందారును అడిగి తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.