రోటీ మేకర్‌లో ఒక ప్లేటే కాలుతోందా?

చపాతీ ఒకవైపు మాడి రెండోవైపు పచ్చిగా వస్తే ముందు పిండిని తప్పుపడతాం. పిండి మార్చినా అంతే అయితే ‘కాయిల్ పోయింది, కొత్తది కొనాల్సిందే’ అంటాం. నిజానికి రోటీ మేకర్‌లో చెడిపోయేవి నాలుగే: వైరు, కటాఫ్ అని పిలిచే థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజు, ప్లేటు అడుగున ఉండే ఎలిమెంట్. వీటిలో పోయిందేదో ఒక మల్టీమీటర్, చిన్న లెక్క చెప్పేస్తాయి.

మీటరు పట్టేముందు ఒక పరీక్ష చేయండి. మూత తెరిచి, రెండు ప్లేట్లమీదా చిటికెడు గోధుమపిండి చల్లి ప్లగ్ పెట్టండి. మూత తెరిచినప్పుడు పైప్లేటు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పిండి జారకుండా ముందు నూనె చుక్క రాయండి. ఒక ప్లేటుమీద పిండి ఎర్రబడి, రెండోదానిమీద తెల్లగానే ఉంటే ఆ రెండో ప్లేటుకు కరెంటు అందడం లేదు, లేదా దాని ఎలిమెంట్ తెగింది. రెండూ చల్లగా ఉంటే లైటు చూడండి. చాలా మోడళ్లలో థర్మోస్టాట్ దాటాకే కరెంటు లైటుకు వెళుతుంది. అలాంటి వాటిలో లైటు వెలిగి ప్లేట్లు కాలకపోతే అనుమానం ఎలిమెంట్ వైపు, లైటే వెలగకపోతే సాకెట్, వైరు, ఫ్యూజు, థర్మోస్టాట్ వైపు మళ్లాలి.

ఇక లెక్క. ప్లగ్ తీసి, ప్లేట్లు పూర్తిగా చల్లారాక, అడుగున అంటించిన లేబుల్ చదవండి. 230 వోల్టులు, 900 వాట్లు అని ఉందనుకుందాం. వోల్టులను వోల్టులతోనే గుణించి వాట్లతో భాగిస్తే దాదాపు 59 ఓములు వస్తుంది. మీటరును ఓముల్లో పెట్టి ప్లగ్ తాలూకు రెండు చిన్న పిన్నుల మధ్య చూస్తే అటూఇటూగా అంతే కనిపించాలి.

రెండు ప్లేట్లలో చెరో 450 వాట్ల ఎలిమెంట్ ఉండి, రెండిటికీ విడివిడిగా 230 వోల్టులు అందే మోడల్లో ఒక్కో ఎలిమెంట్ 118 ఓములు ఉంటుంది. ప్లగ్ దగ్గర 59కి బదులు 118 చూపిస్తే ఒక ప్లేటు దారి తెగిందన్నమాట. రెండు ఎలిమెంట్లనూ ఒకదాని వెనుక ఒకటి కలిపిన మోడళ్లలో మాత్రం ఒకటి తెగితే రెండూ ఆగిపోతాయి, మీటరు అసలు ఏ అంకే చూపదు.

పైప్లేటు చల్లగా ఉండి, ప్లగ్ దగ్గర 118 వచ్చిందనుకోండి. వెంటనే ఎలిమెంట్‌ను నిందించొద్దు. మీటరు పిన్నులకు తగిలించి ఉంచి, మూతను మెల్లగా తెరుస్తూ మూయండి. అంకె 118 నుంచి 59కి దూకుతూ ఉంటే, కీలు దగ్గర వైరు లోపల తెగింది. చపాతీ చేసిన ప్రతిసారీ వంగేది ఆ వైరే. అంకె కదలకపోతే పైమూత స్క్రూలు విప్పి, ఒక వైరు ఊడదీసి ఎలిమెంట్ రెండు కొసల మధ్య చూడండి. అక్కడ 118 వస్తే ఎలిమెంట్ బాగున్నట్టే; ఏమీ రాకపోతే అది తెగినట్టు. ప్లేటులోనే పోతపోసిన ఎలిమెంట్ అయితే ప్లేటునే మార్చాలి. వైరు మార్చేటప్పుడు మామూలు పీవీసీ వైరు వేయకూడదు, కరుగుతుంది. వేడికి తట్టుకునే సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగు వైరే వాడాలి.

థర్మోస్టాట్ పరీక్ష ఇంకా తేలిక. చల్లగా ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్య దాదాపు సున్నా చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి పాయింట్లు కలవడం లేదు. చూపిన అంకె కొన్ని ఓములుంటే పాయింట్లు మాడి మసిపట్టాయి. పాయింట్లు అతుక్కుపోతే ఇందుకు వ్యతిరేకం: లైటు ఎప్పటికీ ఆరదు, ప్లేటు పొగలు కక్కుతుంది. ప్లేటుకు బిగించిన స్క్రూ వదులైనా థర్మోస్టాట్‌కు వేడి ఆలస్యంగా తెలిసి చపాతీలు మాడతాయి. అందుకే మార్చేముందు ఆ స్క్రూ బిగించి చూడండి.

థర్మల్ ఫ్యూజు తెగితే అలాగే వైరు కలిపేసి ‘డైరెక్ట్’ చేయకండి. వేడి హద్దు మీరిందని అది చెబుతోంది. ముందు థర్మోస్టాట్ అతుక్కుపోయిందేమో చూసి, అదే రేటింగు ఫ్యూజునే వేయండి.

చివరి పరీక్ష మాత్రం వదలొద్దు. చిన్న పిన్నుల్లో ఒక్కొక్కదానికీ ప్లేటు లోహానికీ మధ్య మీటరు ఏ అంకే చూపకూడదు. ఎర్త్ పిన్నుకూ ప్లేటుకూ మధ్య దాదాపు సున్నా ఉండాలి. ఈ రెండిటిలో ఏది తప్పినా రోటీ మేకర్‌ను వాడటం ఆపి మెకానిక్‌కు ఇవ్వండి. మాడిన చపాతీ పారేయొచ్చు, షాక్‌తో చెలగాటం వద్దు.