"సారాంశం రాసి పంపండి": ఎవరికి, దేనికి?

పన్నెండు పేజీల లిఫ్టు తనిఖీ నివేదిక కింద అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడి నుంచి కార్యదర్శికి ఒకే వాక్యం వస్తుంది: "దీని సారాంశం రాసి పంపండి." ఎంత రాయాలి, ఎవరు చదువుతారు, ఏ విషయం ముఖ్యం అన్న మూడూ అందులో లేవు. అయితే ఈ మూడు ఖాళీలూ ఒకే బరువున్నవి కావు.

పొడవు తెలియకపోవడం చిన్న లోటు. అర పేజీ రాస్తే చాలావరకు సరిపోతుంది. ఎక్కువైతే చదివినవారికే తెలుస్తుంది, కత్తిరించడం రెండు నిమిషాల పని. చదివేదెవరన్నది అంతకంటే పెద్దది. ఫ్లాట్ల యజమానులకైతే "గవర్నర్" అంటే వేగం హద్దు మీరినప్పుడు లిఫ్టును ఆపించే పరికరమని చెప్పాలి. మరమ్మతు చేసేవారికి ఆ వివరణ దండగ.

అసలు ప్రమాదం మూడో ఖాళీలో ఉంది. సారాంశం దేనికో తెలియకపోతే ఏది వదిలేయాలో తెలియదు. ఖర్చు ఆమోదానికైతే తాళ్లు మార్చే అంచనా ముందుకు రావాలి. ఈ రోజు లిఫ్టు నడపవచ్చా అన్నదే ప్రశ్న అయితే, తొమ్మిదో పేజీలో "తాడులో కొన్ని తీగలు తెగాయి" అన్న వాక్యమే ప్రాణం. అది జారిపోయినా రాత చక్కగానే కనిపిస్తుంది. మూలం చదవనివారికి లోటు కనబడదు.

అందుకే ముందు అడగాల్సింది ఒక్కటే: "ఇది చదివి ఏం తేల్చాలండీ?" జవాబు రాకముందే రాయాల్సి వస్తే, మొదటి వరసలోనే "యజమానుల సమావేశంలో ఖర్చు నిర్ణయం కోసం, కొలతల వివరాలు వదిలేశాం" అని పెట్టాలి. ఊహ తప్పైతే అధ్యక్షుడు మొదటి చూపులోనే పట్టుకుంటారు.