క్లేర్‌కు ఫ్రెంచిలో ఒక పరామర్శ

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న లక్ష్మికి, ఫ్రాన్స్‌లోని లియోన్ ఆఫీసులో క్లేర్ అనే సహోద్యోగి ఉందనుకుందాం. రెండేళ్లుగా ఇద్దరూ ఒకే పని మీద ఉన్నారు. క్లేర్ వాళ్ల నాన్న పోయారని ఒక ఉదయం కబురు తెలుస్తుంది. ఆఫీసు వ్యవహారాలన్నీ ఇంగ్లిష్‌లోనే సాగుతాయి కాబట్టి లక్ష్మి ముందు ఇంగ్లిష్‌లోనే రాసుకుంది: ‘డియర్ క్లేర్, ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్. యువర్ ఫాదర్ ఈజ్ ఇన్ ఎ బెటర్ ప్లేస్ నౌ. అవర్ థాట్స్ అండ్ ప్రేయర్స్ ఆర్ విత్ యు. లెట్ మి నో ఇఫ్ యు నీడ్ ఎనీథింగ్. బెస్ట్ రిగార్డ్స్.’ ఇలాంటి సమయంలో మనిషికి సొంత భాషలో మాట అందితే బాగుంటుందని తోచి, దాన్ని ఫ్రెంచిలోకి మార్చాలనుకుంది.

ఇంగ్లిష్‌లో ఈ ఉత్తరానికి వంక పెట్టడానికేమీ లేదు. ఫ్రెంచిలోకి మాటకు మాట మార్చితే మాత్రం ప్రతి వాక్యమూ ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. కారణం వ్యాకరణం కాదు. పరామర్శలో ఒక్కో వాక్యానికి ఒక్కో పని ఉంటుంది: కబురు తెలిసిందని చెప్పడం, సంతాపం తెలపడం, పోయినవారిని తలచుకోవడం, ఉన్నవారి మీది భారం కొంత తగ్గించడం, సెలవు తీసుకోవడం. ఫ్రెంచివాళ్లు ఒక్కో పనికి ఏ మాటలు వాడతారో చూసుకుని రాయాలి. ఇంగ్లిష్ వాక్యం పక్కన పెట్టి, ఆ పనిని మాత్రం పట్టుకోవాలి. (ఇక్కడ ఫ్రెంచి వాక్యాలకు ఉచ్చారణ మాత్రమే ఇస్తున్నాం. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి.)

మొదటి వాక్యంతోనే మొదలుపెడదాం. ‘సారీ ఫర్ యువర్ లాస్’ను ‘జ స్వీ దెజొలె పూర్ వోత్ర పెర్త్’ అని మార్చవచ్చు. డబ్బింగ్ సీరియల్స్‌లో ఈ మాట వినబడుతుంది కూడా. కానీ ‘దెజొలె’ అన్నది ఎవరి కాలో తొక్కినప్పుడు, మీటింగ్‌కి ఆలస్యమైనప్పుడు అనే మాట. ‘పెర్త్’ అంటే నష్టం. వ్యాపారంలో వచ్చే నష్టానికీ అదే మాట. రెండూ కలిసి వచ్చేసరికి, ఇంగ్లిష్ నుంచి ఎత్తి రాసిన వాక్యమని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అలవాటుగా ఫ్రెంచివాళ్లు రాసేది ఇది: ‘జె అప్రి అవెక్ బోకూ ద త్రిస్తెస్ ల దెసె ద తోఁ పేర్.’ మీ నాన్న పోయారని తెలిసి చాలా బాధ కలిగింది అని అర్థం.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ‘తెలిసి బాధపడ్డాను’ అనేది మనం మామూలుగా రాసే వాక్యమే. ఫ్రెంచి వాక్యం నడిచేదీ ఆ దారినే: ముందు కబురు తెలియడం, దాని వెంటే బాధ. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా తెలుగులో ఆలోచించి ఫ్రెంచిలో రాస్తే ఈ వాక్యం తేలిగ్గా వస్తుంది.

‘దెసె’ అంటే మరణం. ‘మోర్’ అన్నా అదే అర్థం కానీ, పరామర్శలో అది కాస్త మొరటుగా వినిపిస్తుంది. ‘దిస్పారిస్యోఁ’ అంటే కనుమరుగు కావడం. అది ఇంకొంచెం మెత్తటి మాట. పోవడం అనే అర్థంలో ఇంగ్లిష్‌లోని ‘పాస్డ్’ను చూసి ‘పాసె’ అని రాయడం పొరపాటు. ‘నూజా కితె’, అంటే మనల్ని విడిచి వెళ్లారు, అనే వాడుక ఉంది. అది కుటుంబమో, ఆ మనిషిని ఎరిగినవాళ్లో అనే మాట. లక్ష్మి క్లేర్ వాళ్ల నాన్నను చూడలేదు కాబట్టి ‘దెసె’ చాలు. ‘మీ నాన్నగారు’ అనడానికి ఒకప్పుడు ‘మొస్యూ వోత్ర పేర్’ అనేవారు. ఇప్పుడది పాతకాలపు పోకడ. ‘పేర్’కు బదులు ‘పాపా’ అనేది చనువున్న మాట. క్లేర్ తన కబురులో ‘మోఁ పాపా’ అని తానే అంటే తప్ప లక్ష్మి ఆ మాట ఎత్తకపోవడం మంచిది.

పై వాక్యంలో ‘తోఁ’ అని రాశాం. ‘నీ’ అని దాని అర్థం. ‘మీ’ అయితే ‘వోత్ర’. ‘త్యు’, ‘వు’ అనేవి మన ‘నువ్వు’, ‘మీరు’ లాంటివే కానీ నడిచే తీరు వేరు. మనం పెద్దవాళ్లను ‘మీరు’ అంటే వాళ్లు మనల్ని ‘నువ్వు’ అంటారు. ఫ్రెంచి ఆఫీసులో ఇద్దరు సహోద్యోగులు ఒకరినొకరు ‘త్యు’ అనుకుంటారు, లేదా ఒకరినొకరు ‘వు’ అనుకుంటారు. వాళ్లిద్దరి మధ్య ముందు నుంచి ఏది నడుస్తోందో అదే పరామర్శలోనూ ఉండాలి. దుఃఖంలో ఉన్నవారికి గౌరవం ఇవ్వాలని, రోజూ ‘త్యు’ అనే మనిషిని హఠాత్తుగా ‘వు’ అంటే, అది గౌరవంలా కాదు, దూరం జరిగినట్టు వినిపిస్తుంది. ఇంకో ప్రమాదం రెండూ కలిసిపోవడం. రెండు చోట్ల నుంచి వాక్యాలు తెచ్చి అతికితే, మొదటి వరుసలో ‘వోత్ర’, మూడో వరుసలో ‘తోఁ’ మిగిలిపోతాయి. రాసింది పూర్తయ్యాక ఈ ఒక్క విషయం కోసమే ఇంకోసారి చదువుకోవాలి.

రెండో పని సంతాపం తెలపడం. దీనికి ఫ్రెంచిలో స్థిరపడిన మాట ఉంది: ‘కోఁదొలెఆఁస్’. ఈ సందర్భంలో అది ఎప్పుడూ బహువచనమే. ‘జ త ప్రెజాఁత్ మే ప్లు సేఁసేర్ కోఁదొలెఆఁస్’ అంటే నా హృదయపూర్వక సంతాపం తెలుపుతున్నాను అని. ఇక్కడ కొత్తదనం కోసం వెతకనక్కర్లేదు. ఈ వాక్యం మర్యాద కోసం ఉన్నది. అది లేకపోతే ఉత్తరంలో ఏదో లోటు కనిపిస్తుంది, ఉంటే ఎవరూ గమనించరు. కెనడాలోని కెబెక్‌లో అయితే ‘మే సేఁపతి’ అని బహువచనంలో చెప్పడం మామూలు. ఫ్రాన్స్‌లో అలా చెప్పరు. అక్కడ అదే మాటను ఏకవచనంలో, ఉత్తరం చివర వాడతారు.

‘బెటర్ ప్లేస్’, ‘ప్రేయర్స్’ అన్న రెండు వాక్యాలను లక్ష్మి తీసేయాలి. ‘ఆయన ఆత్మకు శాంతి చేకూరాలి’ అనే మన వాక్యానికీ ఇదే వర్తిస్తుంది. ఫ్రెంచిలో దానికి సమానమైన మాట లేకపోలేదు. కానీ మతం సొంత విషయమని, దాన్ని ఆఫీసులోకి తేకూడదని భావించేవాళ్లు అక్కడ చాలామంది. క్లేర్ నమ్మకాలు లక్ష్మికి తెలియవు. పరలోకం గురించి ఆమె తరఫున లక్ష్మి తేల్చిచెప్పడం బాగుండదు. దానికి బదులు ‘జ పాఁస్ బ్యెఁ నా త్వా ఎ ఓ త్యెఁ’ అనవచ్చు. నిన్నూ నీ వాళ్లనూ తలచుకుంటున్నాను అని అర్థం. ఇది నమ్మకం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ సరిపోతుంది.

ఇంతవరకు రాసినదంతా ఎవరైనా ఎవరికైనా పంపగలిగినదే. ఉత్తరం లక్ష్మిదే అని తెలిపేది, ఫ్రెంచిలో ఆప్యాయత నిజంగా కనబడేది మధ్యలోని ఒకే ఒక్క వాక్యంలో. ‘చాలా చాలా’, ‘ఎంతో లోతైన’ లాంటి మాటలు పేర్చితే ఫ్రెంచి ఉత్తరం వెచ్చబడదు, ఉపన్యాసం అవుతుంది. ఒక చిన్న నిజం చాలు. క్లేర్ సోమవారం ఉదయాల్లో తన తండ్రి పెంచే తోట గురించి చెప్పేదనుకుందాం. అప్పుడు: ‘జ మ సువ్యెఁ ద లా ఫ్యెర్తె అవెక్ లాకెల్ త్యు పార్లే ద సోఁ జార్దెఁ.’ ఆయన తోట గురించి నువ్వు ఎంత గర్వంగా చెప్పేదానివో నాకు గుర్తుంది. అలాంటి జ్ఞాపకం ఏదీ లేకపోతే కల్పించకూడదు. ఆ వాక్యం వదిలేస్తే ఉత్తరం పొట్టిదవుతుంది, అంతే.

‘లెట్ మి నో’ అనే వాక్యంలో ఇబ్బంది భాషది కాదు. ఏం కావాలో ఆలోచించే పనిని అది క్లేర్ మీదే పెడుతుంది. తండ్రి లేదా తల్లి పోతే ఫ్రాన్స్ కార్మిక చట్టం ఉద్యోగికి ఇచ్చేది కనీసం 3 రోజుల సెలవు. సంస్థ ఒప్పందాన్ని బట్టి అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. అంత కొద్ది రోజుల్లో అంత్యక్రియలూ కాగితాలూ చూసుకునే మనిషికి పనికొచ్చేది ఖచ్చితమైన మాట: ‘న త ప్రెఒక్యూప్ పా ద్యూ త్రవాయ్. జ్యూల్యెఁ ఎ మ్వా ప్రనోఁ ల రలే జ్యూస్కా తోఁ రతూర్.’ పని గురించి ఆలోచించకు, నువ్వు వచ్చేదాకా జ్యూలియెన్, నేను చూసుకుంటాం. ఇది రాసేముందు జ్యూలియెన్‌ను అడగడం మర్చిపోకూడదు. ధైర్యం చెప్పాలనుకుంటే ‘బోఁ కూరాజ్’ అని ఊరికే ముగించవద్దు. అది పరీక్షకు వెళ్లేవాళ్లకూ, పనిభారం ఉన్నవాళ్లకూ చెప్పే మాట. ‘జ త సూఎత్ బోకూ ద కూరాజ్’ అని నిండుగా రాస్తే సందర్భానికి తగ్గట్టుంటుంది.

చివర ‘బెస్ట్ రిగార్డ్స్’కు ‘కోర్దియాల్మాఁ’ అని రాసేస్తుంటారు. బిల్లు పంపినప్పుడూ అదే రాస్తారు కాబట్టి ఇక్కడ అది చల్లగా ఉంటుంది. ‘త్యు’ అనుకునే స్నేహానికి ‘అవెక్ తూత్ మోఁ నామిత్యె’ సరిపోతుంది, పూర్తి స్నేహంతో అని. ‘వు’ అనుకునేవారికి ‘అవెక్ తూత్ మా సేఁపతి’. ఫ్రెంచిలో ‘సేఁపతి’ అంటే జాలి కాదు, బాధలో పాలుపంచుకోవడం. ఎక్కువ పరిచయం లేని మేడమ్‌కు రాస్తే, పైన ‘షేర్ మదామ్’ అని ఆపేయాలి. ఇంగ్లిష్‌లోలా ఇంటిపేరు కలపడం అక్కడి మర్యాద కాదు.

ఇప్పుడు మొత్తం ఉత్తరం: ‘షేర్ క్లేర్, జె అప్రి అవెక్ బోకూ ద త్రిస్తెస్ ల దెసె ద తోఁ పేర్. జ త ప్రెజాఁత్ మే ప్లు సేఁసేర్ కోఁదొలెఆఁస్, ఎఁసి కా తా ఫామీయ్. జ మ సువ్యెఁ ద లా ఫ్యెర్తె అవెక్ లాకెల్ త్యు పార్లే ద సోఁ జార్దెఁ. న త ప్రెఒక్యూప్ పా ద్యూ త్రవాయ్: జ్యూల్యెఁ ఎ మ్వా ప్రనోఁ ల రలే జ్యూస్కా తోఁ రతూర్. జ పాఁస్ బ్యెఁ నా త్వా ఎ ఓ త్యెఁ. అవెక్ తూత్ మోఁ నామిత్యె, లక్ష్మి.’

పంపేముందు స్పెల్లింగ్‌లో రెండు చోట్ల ఆగి చూడాలి. ‘దెసె’లో రెండు ‘ఇ’ అక్షరాల మీదా గీతలుంటాయి: మొదటిదాని మీద కుడివైపు పైకి లేచేది, రెండోదాని మీద ఎడమవైపు పైకి లేచేది. రెండోది, రాసే మనిషి స్త్రీయా పురుషుడా అన్నది. ‘నన్ను కదిలించింది’ అనే అర్థంలో ‘జె ఎతె తూషె’ అని ఒక వాక్యం చేరిస్తే కొన్నిసార్లు మాటలో వినిపించని తేడా రాతలో వస్తుంది. ‘జ స్వీ తూషె’ అని లక్ష్మి రాస్తే చివర ఇంకో ‘ఇ’ అక్షరం ఉండాలి, ఆమె తమ్ముడు రాస్తే ఉండకూడదు. పలుకుబడి ఒకటే కాబట్టి చెవికి ఈ తప్పు దొరకదు. పైన ఇచ్చిన ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు. అందుకే దాన్ని ఎవరు రాసినా మార్చనక్కర్లేదు.