కొటేషన్ మార్కులు తీసేస్తే స్క్రీన్‌ప్లే అవుతుందా?

కథలో సంభాషణలు ఎక్కువగా ఉంటే స్క్రీన్‌ప్లే పని సగం అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. మాటల చుట్టూ ఉన్న కొటేషన్ మార్కులు తీసేసి, పైన పాత్ర పేరు రాసి, ‘అన్నాడు’, ‘అంది’ కొట్టేస్తే సరిపోతుందన్న నమ్మకం చాలా అపోహలకు మూలం. ఎందుకు సరిపోదో చూడటానికి ఒక చిన్న కథాభాగం తీసుకుందాం. ఈ వ్యాసం కోసమే రాసింది ఇది.

“కాగితాలు తెచ్చావా?” అంది సావిత్రి నిష్ఠూరంగా, వంకాయలు తరుగుతూనే. నాన్న పోయి ఏడాది తిరక్కముందే ఇల్లు బేరం పెట్టినవాడి మొహం చూడబుద్ధి కాలేదామెకు. రాజు గడప దగ్గరే నిలబడ్డాడు. తెచ్చానని, ఈ వారంలో సంతకం పెట్టకపోతే బేరం తప్పిపోతుందని గబగబా చెప్పుకొచ్చాడు. అక్క ఏమీ అనలేదు. కాసేపటికి, “అన్నం తిన్నావా?” అంది. మూడు రోజుల తర్వాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చున్నప్పుడు కూడా అదే మాట అడిగింది.

అపోహ: కొటేషన్లలో ఉన్నదే సంభాషణ. మిగతాదంతా వర్ణన.

పై భాగంలో కొటేషన్ల మధ్య ఉన్నవి రెండే మాటలు, రెండూ సావిత్రివే. రాజుకు ఒక్కటీ లేదు. కానీ ఈ సన్నివేశంలో ఎక్కువగా మాట్లాడింది అతనే. ‘తెచ్చానని... తప్పిపోతుందని గబగబా చెప్పుకొచ్చాడు’ అని రచయిత ఆ మాటల్ని సంగ్రహించి చెప్పాడు. కథలో అది హాయిగా సాగిపోతుంది. తెర మీద మాత్రం నటుడు నోరు తెరిచి ఏదో ఒకటి అనాలి. ఆ మాటలు ఇప్పుడు మనమే రాయాలి.

ఇక్కడ తెలుగులో ఒక ఉచ్చు ఉంది. ‘తెచ్చానని’లోంచి ‘అని’ తీసేస్తే ‘తెచ్చాను’ మిగులుతుంది. అది మాటలాగే కనిపిస్తుంది కాబట్టి అంతటితో వదిలేస్తారు. ‘తెచ్చాను. ఈ వారంలో సంతకం పెట్టకపోతే బేరం తప్పిపోతుంది’ అంటే వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ అందులో తమ్ముడు లేడు. అక్కతో మాట్లాడేవాడు ‘అక్కా’ అని పిలవకుండా రెండు వాక్యాలు చెప్పడు. ఏ ఊరి మనిషో, మాటలో యాస ఎంతో, తడబాటు ఎక్కడో సంగ్రహంలో కనిపించవు. అవన్నీ తిరిగి చేర్చాలి.

ఇంకో చిక్కు సావిత్రి మనసులో మాట. నాన్న పోయి ఏడాది కాలేదన్న సంగతి కెమెరాకు కనిపించదు. ఇలాంటి చోట చాలామంది వెనకనుంచి వినిపించే గొంతును, అంటే వాయిస్ ఓవర్‌ను, ఆశ్రయిస్తారు. కథంతా ఒకరి స్మృతిగా నడుస్తుంటే అది పనికొస్తుంది. ఒక్క సమాచారం అందించడానికి వాడితే అతుకు తెలిసిపోతుంది. మనకు ఇక్కడ అంతకన్నా మంచి దారి ఉంది. రాజు మాటలు ఎలాగూ కొత్తగా రాయాలి కదా, ఆమె మనసులో ఉన్న విషయాన్ని అతని నోట పెడదాం. సంవత్సరీకం లోపు రిజిస్ట్రేషన్ అయిపోవాలని కొనేవాళ్ళు అంటున్నారని అతనే చెబితే, తండ్రి పోయిన సంగతి, ఏడాది కాలేదన్న సంగతి, అతని తొందర, ఆమెకు తగిలే దెబ్బ అన్నీ ఒక్క వాక్యంలో వచ్చేస్తాయి. కథానుసరణలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఒక పాత్ర తలపులో ఉన్న సంగతి ఇంకో పాత్ర నోట్లో ఇమిడితే, సన్నివేశం కథలో కన్నా బిగువుగా తయారవుతుంది.

ఇప్పుడు మార్చిన రూపం చూడండి. సాదా టెక్స్ట్‌లో స్క్రీన్‌ప్లే రాయడానికి పనికొచ్చే ఫౌంటెన్ అనే పద్ధతిలో ఉంది ఇది.

```
INT. సావిత్రి ఇల్లు, వంటగది - సాయంత్రం

సావిత్రి (45) కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. రాజు (38) గడప దగ్గర ఆగుతాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

@సావిత్రి
కాగితాలు తెచ్చావా?

ఆమె తల ఎత్తదు.

@రాజు
తెచ్చానక్కా. ఈ వారంలో నువ్వు సంతకం పెట్టకపోతే బేరం తప్పిపోద్ది. నాన్న సంవత్సరీకం లోపే రిజిస్ట్రేషన్ అయిపోవాలంటున్నారు వాళ్ళు.

సావిత్రి చెయ్యి ఆగుతుంది. వంకాయ సగంలో ఉంది. మళ్ళీ తరగడం మొదలుపెడుతుంది.

@సావిత్రి
అన్నం తిన్నావా?

EXT. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, వరండా - పగలు
```

కథలో ‘నిలబడ్డాడు’ అన్నది ఇక్కడ ‘ఆగుతాడు’ అయింది. కథ జరిగిపోయినదాన్ని చెబుతుంది, స్క్రీన్‌ప్లే ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నదాన్ని చెబుతుంది. ‘మొహం చూడబుద్ధి కాలేదు’ అన్నది ‘తల ఎత్తదు’గా మారింది. ‘అక్క ఏమీ అనలేదు’ అన్న చోట నటికి చేయడానికి ఒక పని దొరికింది.

అపోహ: ‘నిష్ఠూరంగా’, ‘గబగబా’ లాంటి మాటల్ని పేరు కింద బ్రాకెట్లో పెట్టాలి.

పాత్ర పేరుకీ మాటకీ మధ్య బ్రాకెట్లో చిన్న సూచన రాసే వీలు స్క్రీన్‌ప్లేలో ఉంది. కథలోంచి మార్చేవాళ్ళు ప్రతి ‘కోపంగా’నీ, ‘నవ్వుతూ’నీ అందులోకి దించేస్తారు. పేజీ తిప్పితే మాటలకన్నా బ్రాకెట్లే ఎక్కువ కనిపిస్తుంటాయి. పై ఉదాహరణలో ఒక్క బ్రాకెట్ సూచనా లేదు. పలకరింపు లేకుండా, తల ఎత్తకుండా ‘కాగితాలు తెచ్చావా?’ అన్న మాటలో నిష్ఠూరం ఎలాగూ ఉంది. రాజు మాటలు ఊపిరి తిప్పుకోకుండా వస్తాయని వాక్యాలే చెబుతున్నాయి.

మాట చదివితే ఒక అర్థం, పలకాల్సింది దానికి విరుద్ధం అయినప్పుడు బ్రాకెట్ కావాలి. గదిలో ముగ్గురుండగా ఎవరితో అంటున్నారో తెలియనప్పుడు ‘రాజుతో’ అని రాయాలి. ఫోన్లో మాట్లాడుతున్నారని చెప్పాల్సి వచ్చినప్పుడూ అంతే. సూచన తీసేసి మాటను పైకి చదవండి. అర్థం మారకపోతే ఆ సూచన అక్కర్లేదు.

అపోహ: పాత్ర పేరు ఎలా రాసినా మనిషి ఒకరే కదా.

కథలో ‘సావిత్రి’, ‘అక్క’, ‘ఆమె’ మూడూ ఒకే మనిషి. మార్చి మార్చి రాయడం కథకు అందం కూడా. స్క్రీన్‌ప్లేలో మాట పైన వచ్చే పేరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే రూపంలో ఉండాలి. ఆ పేరును బట్టే ఏ సన్నివేశంలో ఎవరున్నారో జాబితా తయారవుతుంది. ఒకచోట ‘సావిత్రి’, ఒకచోట ‘సావిత్రమ్మ’ అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఇద్దరిని లెక్కేస్తుంది.

ఇంగ్లిష్ స్క్రీన్‌ప్లేల్లో ఈ పేరును పెద్ద అక్షరాల్లో రాస్తారు. మనకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు. అందుకే పై నమూనాలో పేరు ముందు `@` గుర్తు ఉంది. ఫౌంటెన్‌లో మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న పంక్తి, దాని కిందే మాట ఉంటే, పాత్ర పేరు అవుతుంది. తెలుగు పంక్తిలో ఆ తేడా కనిపించదు కనుక, సాఫ్ట్‌వేర్ రాసిన తీరును బట్టి పేరు వర్ణనలో కలిసిపోవచ్చు, లేదా వర్ణన పేరుగా మారిపోవచ్చు. `@` పెడితే అది పాత్ర పేరేనని ఖాయం అవుతుంది. వర్ణన పేరుగా మారిపోతుంటే ఆ పంక్తి ముందు `!` పెట్టాలి. `@`, `!` రెండూ ప్రింటులో కనిపించవు.

అపోహ: సీన్ హెడింగ్ అంటే సన్నివేశానికి పేరు.

‘అక్కాతమ్ముళ్ళ ఘర్షణ’ అని హెడింగ్ పెట్టిన స్క్రిప్టులు కనిపిస్తుంటాయి. హెడింగ్ చెప్పాల్సింది మూడే: లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా. లోపలికి `INT.`, బయటికి `EXT.` అని రాస్తారు. మన రచయితలు ‘ఇంటీరియర్’, ‘ఎక్స్‌టీరియర్’ అనీ రాస్తారు, తప్పేం లేదు. చోటు మారినా సమయం మారినా కొత్త హెడింగ్ రావాలి. కథలో ‘మూడు రోజుల తర్వాత’ అన్న మూడు మాటల్లో వెళ్ళిపోయిన వరండాకు ఇక్కడ సొంత హెడింగ్ ఉన్నది అందుకే. షూటింగ్‌కు అది ఇంకో లొకేషన్, ఇంకో రోజు, ఇంకో చీర. వరండాకు పైకప్పు ఉన్నా `EXT.` అన్నాను. అక్కడ వెలుతురు బయటి ఎండది. లైటింగ్ చేసేవాళ్ళకు కావలసింది ఆ సంగతే.

అపోహ: పేజీకి ఒక నిమిషం లెక్క తెలుగులోనూ చెల్లుతుంది.

ఆ లెక్క ఒక నిర్దిష్టమైన పేజీ మీద పుట్టింది. కొరియర్ ఫాంటు, 12 పాయింట్ల సైజు, అంగుళానికి 10 అక్షరాలు, పేజీకి సుమారు 55 పంక్తులు. ఎడమ అంచు ఒకటిన్నర అంగుళం. మాటలు కాగితం ఎడమ అంచు నుంచి దాదాపు రెండున్నర అంగుళాల దగ్గర మొదలై మూడున్నర అంగుళాల వెడల్పులో ఇమిడిపోతాయి. పాత్ర పేరు ఇంకా లోపలికి, 3.7 అంగుళాల దగ్గర ఉంటుంది. అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు ఉండటమే ఈ లెక్కకు ఆధారం.

కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. కంప్యూటరు దాని బదులు దొరికిన తెలుగు ఫాంటు వేస్తుంది. వాటిలో అక్షరానికో వెడల్పు, కింద వత్తులకు చోటు కావాలి కాబట్టి పంక్తుల మధ్య ఎడమూ ఎక్కువే. ఫాంటు మారిస్తే అదే స్క్రిప్టు పేజీల సంఖ్య మారిపోతుంది. కాబట్టి మీరు వాడే ఫాంటును, సైజును ముందు ఖాయం చేసుకోండి. నాలుగైదు పేజీలను మౌనాలు, కదలికలతో సహా పైకి నటిస్తూ చదివి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, మీ పేజీ ఎన్ని సెకన్లో తేల్చుకోండి. మన ఉదాహరణలో ‘చెయ్యి ఆగుతుంది’ అన్నది రెండు పదాలే. తెర మీద అది రాజు చెప్పిన మాటలంత సేపు నిలవచ్చు.

అపోహ: కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి రాసే మన పాత పద్ధతి తప్పు.

తప్పు కాదు. ఎడమ భాగంలో కనిపించేది, కుడి భాగంలో వినిపించేది రాసే ఆ పద్ధతి మన సినిమా వాళ్ళ చేతుల్లో చాలాకాలంగా ఉంది. మాటల రచయిత వేరుగా ఉండే చోట కుడివైపు అతనికి ఖాళీగా వదిలేయడానికి అది భలే అనువు. చిక్కల్లా పోటీలకు, బయటి రాష్ట్రాల నిర్మాణ సంస్థలకు పంపేటప్పుడు వస్తుంది. వాళ్ళు మధ్యలో పేరు, కింద మాట ఉండే రూపాన్నే అడుగుతారు. అలా మార్చేటప్పుడు కుడి భాగాన్ని మొత్తంగా తెచ్చి ఎడమ భాగం కింద అతికించేస్తే, ‘చెయ్యి ఆగుతుంది’ అన్నది రాజు మాటకు ముందు చేరిపోతుంది. అప్పుడు ఆమె దేనికి ఆగిందో చదివేవాళ్ళకు తెలియదు. రెండు గడుల్లో ఏ మాట పక్కన ఏ చర్య ఉందో చూసుకుంటూ, ఒక్కో వరుసనీ విడివిడిగా కిందికి దించాలి.