బొమ్మ పెట్టె మీది చిన్న అక్షరాలు

ఆన్‌లైన్‌లో పాటలు పాడే కారు బొమ్మ కొంటున్నారా? పెట్టె ఫొటోను పెద్దది చేసి చూడండి. ఒక మూల ఎర్రటి వలయంలో పసివాడి ముఖం, 0-3 అంకెలు, వాటి మీదుగా అడ్డగీత ఉంటే మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని అర్థం. మీవాడు ఎంత చురుకైనవాడైనా ఈ హద్దు మారదు. ఇది తెలివికి కాదు, గొంతుకు పెట్టిన హద్దు.

పక్కనే చిన్న భాగాల హెచ్చరిక ఉంటుంది. పరీక్షలో సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో బొమ్మ ముక్కను వేస్తారు. నొక్కకుండానే పూర్తిగా ఇమిడిపోతే అది గొంతుకు అడ్డుపడగల ముక్కే. ఊడివచ్చే బుల్లి చక్రం అలాంటిదే.

కింద LR44 అని ఉంటే లోపల బిళ్ల బ్యాటరీ ఉన్నట్టు. అలాంటి బిళ్ల మింగితే, అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. వాడేసినదైనా ప్రమాదమే. అందుకే బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి. అది కనిపించకపోతే వెనకవైపు ఫొటో అడగండి. మింగారన్న అనుమానం వస్తే వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, పెట్టెనూ వెంట తీసుకెళ్లండి.